ఏరినవాటిలో పుచ్చులెన్ని? పుచ్చుల్లో ఏరినవెన్ని?

(శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, పలాస జీడి పరిశ్రమల నుంచి వచ్చినవారు కలిసి విన్న ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో విద్యార్థులున్నారు, వెనకాల పలాస, కాశీబుగ్గ నుంచి వచ్చిన పెద్దలున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. జీడిపప్పు. పుచ్చు పప్పు ఏరడం.

మీ అందరికీ తెలిసిన పనే. పిక్క కాల్చి, కొట్టి, పప్పు తీసి, ఆరబెట్టి, పొట్టు వలిచాక బల్ల మీద పోస్తారు. ఆడవాళ్లు కూర్చుని గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తారు. పురుగు తిన్నదీ నల్లబడ్డదీ పక్కన పడేస్తారు. ఇప్పుడు ఆ పని కెమెరాతో చేయించాలనుకున్నాం. పప్పులు బెల్టు మీద వస్తుంటాయి, కెమెరా ఒక్కోదాన్ని ఫోటో తీస్తుంది, మోడల్ "పుచ్చు" అనో "మంచిది" అనో చెబుతుంది. మోడల్ ఎలా కట్టాలో నేను ఈరోజు చెప్పను. కట్టిన మోడల్ బాగుందా లేదా అన్నది ఎలా తేల్చాలి? దాని గురించే మాట్లాడతాను.

లెక్క కోసం అంకెలు పెట్టుకుందాం. ఇవి నేను ఉదాహరణకి పెట్టినవి, ఏ ఫ్యాక్టరీ లెక్కా కాదు. W320 రకం గుండు పప్పు, 10,000 పప్పులు తీసుకున్నాం. W320 అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగేది. పౌను అంటే 454 గ్రాములు. అంటే మన 10,000 పప్పులు సుమారు పద్నాలుగున్నర కిలోలు. ఈ బరువు గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది. అనుభవమున్న చేతులు ఒక్కో పప్పునీ చూసి తేల్చాయి: ఇందులో 200 పుచ్చు, 9,800 మంచివి. నూటికి రెండు పుచ్చు.

ఇప్పుడు ఒక ప్రశ్న. మోడల్ ఆక్యురసీ, అంటే మొత్తం పప్పుల్లో సరిగ్గా చెప్పినవి, 97.2 శాతం వచ్చింది. బాగుందా? చాలామంది తలూపుతున్నారు. సరే. నేను ఇంకో మోడల్ ఇస్తాను. దానికి కెమెరా కూడా అక్కర్లేదు. ఏ పప్పు వచ్చినా "మంచిది" అంటుంది. అంతే. దాని ఆక్యురసీ ఎంత? 9,800 సార్లు ఒప్పు, 200 సార్లు తప్పు. 98 శాతం! ఒక్క పుచ్చు కూడా పట్టని మోడల్‌కి 98, కష్టపడి పుచ్చులు ఏరిన మోడల్‌కి 97.2. ఎక్కడ పోయింది లెక్క? ఆక్యురసీ అన్ని పప్పుల్నీ ఒకే గాటన కట్టేస్తుంది. నూటికి 98 మంచివైనప్పుడు ఆ అంకె అంతా మంచి పప్పుల గురించే మాట్లాడుతుంది. మనకి కావలసింది పుచ్చుల సంగతి. అందుకే నాలుగు గళ్ల పట్టిక కావాలి. దాన్నే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అంటారు.

స్క్రీన్ మీద చూడండి. scikit-learn అనే పైథాన్ లైబ్రరీలో ఇలా వస్తుంది. పుచ్చుకి 1, మంచిదానికి 0 పెట్టుకున్నాం.

```python
from sklearn.metrics import confusion_matrix
confusion_matrix(y_true, y_pred, labels=[0, 1])
# array([[9560,  240],
#        [  40,  160]])
```

తొందరపడకండి, ఒక్కో గడీ చదువుదాం. అడ్డవరస అంటే నిజం, నిలువువరస అంటే మోడల్ చెప్పిన మాట. పై వరస: నిజంగా మంచివి 9,800. వాటిలో 9,560 ని మంచివనే వదిలింది, 240 ని ఉత్తినే పుచ్చన్నది. కింది వరస: నిజంగా పుచ్చు 200. వాటిలో 40 ని మంచివనుకుని జారవిడిచింది, 160 ని పట్టింది. పుస్తకాల్లో వీటికి ట్రూ నెగటివ్, ఫాల్స్ పాజిటివ్, ఫాల్స్ నెగటివ్, ట్రూ పాజిటివ్ అని పేర్లుంటాయి. ఇక్కడ "పాజిటివ్" అంటే మంచిదని కాదు సుమా. మనం వెతుకుతున్నది అని. మనం వెతుకుతున్నది పుచ్చు కాబట్టి పుచ్చే పాజిటివ్. ఈ ఒక్క మాట దగ్గర తడబడినవాళ్లు తరవాత అన్నిచోట్లా తడబడతారు.

ఇక్కడొక జాగ్రత్త. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఈ పట్టికని ఒకేలా వేయవు. R లో caret ప్యాకేజీ అడ్డవరసలో మోడల్ మాట, నిలువువరసలో నిజం వేస్తుంది. సరిగ్గా తిరగేసి. ఎవరో ఇచ్చిన పట్టిక చేతికొస్తే ఏది ఏ వైపో ఎలా తెలుసుకోవాలి? కూడి చూడండి. పరీక్షకి పెట్టిన పప్పుల్లో పుచ్చులు 200 అని మనకి ముందే తెలుసు కదా. అడ్డంగా కూడితే 40, 160 కలిసి 200 వచ్చింది. అయితే నిజం అడ్డంగా ఉంది. నిలువుగా కూడితే 240, 160 కలిసి 400. అది మోడల్ పుచ్చన్న మొత్తం. ఏ పట్టిక వచ్చినా ముందు ఈ కూడిక చేశాకే మిగతాది చదవండి.

ఇంకోటి. లేబుళ్లు 0, 1 కాకుండా 'bad', 'good' అని పెట్టారనుకోండి. అక్షరక్రమంలో 'bad' ముందొస్తుంది, కాబట్టి పుచ్చు పై వరసలోకి వెళ్లిపోతుంది. పట్టిక మొత్తం తిరగబడుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. అందుకే నేను పైన `labels=[0, 1]` అని విడిగా రాశాను. లేబుల్ వరస మీరే రాయండి, దాని ఇష్టానికి వదలొద్దు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఈ పట్టికని రెండు ప్రశ్నలు అడగొచ్చు. జాగ్రత్తగా వినండి, రెండింట్లోనూ మాటలు అవే, వరసే మారుతుంది. ఏరినవాటిలో పుచ్చులెన్ని? పుచ్చుల్లో ఏరినవెన్ని? మళ్లీ అంటాను. ఏరినవాటిలో పుచ్చులెన్ని? అది ప్రెసిషన్. పుచ్చుల్లో ఏరినవెన్ని? అది రీకాల్. ఏది "లో" ముందు ఉంటే అది కింద ఉంటుంది, భాగహారంలో హారం అవుతుంది. ఇది పట్టుకుంటే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

మోడల్ ఏరినవి 400, అందులో నిజం పుచ్చులు 160. ప్రెసిషన్ 0.40. మొత్తం పుచ్చులు 200, అందులో ఏరినవి 160. రీకాల్ 0.80. అంటే ఈ మోడల్ ఐదు పుచ్చుల్లో నాలుగింటిని పడుతోంది, కానీ అది పుచ్చన్న ప్రతి ఐదింట్లో మూడు నిజానికి మంచివే. 97.2 అన్న అంకెలో ఈ రెండు మాటల్లో ఒక్కటైనా వినిపించిందా?

ఇప్పుడు చాలామంది అడిగేది: రెండంకెలెందుకండీ, ఒకటి చెప్పండి, మోడళ్లు పోల్చుకోడానికి సులువు కదా అని. దానికే ఎఫ్-స్కోరు. ప్రెసిషన్, రీకాల్ రెండింటినీ కలిపి ఒకే అంకె చేస్తుంది. మామూలు సగటు ఎందుకు కాదు? ఒక మోడల్ బాగా పాడైపోయిన 4 పప్పుల్నే పట్టి మిగతా 196 పుచ్చుల్నీ వదిలేసిందనుకోండి. ప్రెసిషన్ 100 శాతం, రీకాల్ 2 శాతం. సగటు తీస్తే 51 శాతం! 196 పుచ్చులు వదిలిన మోడల్‌కి 51 మార్కులా? ఎఫ్-స్కోరు హార్మోనిక్ సగటు తీసుకుంటుంది, అది రెండింట్లో చిన్నదానివైపు లాగేస్తుంది. పట్టిన పుచ్చులు TP, ఉత్తినే ఏరిన మంచివి FP, జారిన పుచ్చులు FN అనుకుని గళ్లతో రాస్తే ఇలా ఉంటుంది:

F1 = 2·TP / (2·TP + FP + FN)

ఆ 4 పప్పుల మోడల్‌కి 8 ని 204 తో భాగిస్తే 0.039. ఇది న్యాయంగా ఉంది. మన మోడల్‌కి 320 ని 600 తో భాగిస్తే 0.533.

ఈ సూత్రాన్ని ఇంకాసేపు చూడండి. ఇందులో 9,560 ఎక్కడైనా ఉందా? లేదు. సరిగ్గా వదిలిన మంచి పప్పులు ఎఫ్-స్కోరులోకి రానే రావు. పుచ్చులు అరుదుగా ఉన్నచోట ఇది పనికొచ్చేది అందుకే. అలాగే FP, FN రెండూ ఒకే బరువుతో ఉన్నాయి. ఉత్తినే ఏరిన ఒక మంచి పప్పూ, జారిపోయిన ఒక పుచ్చూ ఎఫ్-స్కోరు దృష్టిలో సమానం. వెనకాల కూర్చున్న పెద్దలు చెప్పండి, మీ దృష్టిలో అవి సమానమేనా?

(వెనక వరస నుంచి ఒకరు: "సమానం ఏటండీ బాబూ! పుచ్చు ఒక్కటి డబ్బాలో కనబడితే సరుకంతా వెనక్కి పంపుతారు.")

చూశారా, ఆయన చెప్పిందే ఇవాళ్టి పాఠం. ఆ మాట ఎఫ్-స్కోరుకి తెలియదు. మనమే చెప్పాలి. ఎలా చెప్పాలో చూద్దాం.

మోడల్ నిజానికి "పుచ్చు", "మంచిది" అని చెప్పదు. 0 నుంచి 1 దాకా ఒక స్కోరు ఇస్తుంది. 0.5 దాటితే పుచ్చు అనడం మనం పెట్టుకున్న గీత. దాన్నే థ్రెషోల్డ్ అంటారు. 0.5 అన్నది ఆకాశం నుంచి పడింది కాదు, `predict` అని పిలిస్తే మామూలుగా వచ్చేది. గీత జరపాలంటే స్కోరు బయటికి తీసుకోవాలి:

```python
p = model.predict_proba(X_val)[:, 1]
y_pred = (p >= 0.2).astype(int)
```

మన ఉదాహరణలో గీతని మూడుచోట్ల పెట్టి చూద్దాం. 0.8 దగ్గర పెడితే మోడల్ బాగా నమ్మకమున్నవే ఏరుతుంది: 150 ఏరింది, 110 పుచ్చులు, 40 మంచివి, 90 పుచ్చులు జారిపోయాయి. ప్రెసిషన్ 0.73, రీకాల్ 0.55. 0.5 దగ్గర మనం చూసిందే, 0.40, 0.80. 0.2 దగ్గర పెడితే చిన్న మచ్చ ఉన్నా ఏరుతుంది: 1,000 ఏరింది, అందులో 190 పుచ్చులు, 810 మంచివి, జారినవి 10 మాత్రమే. ప్రెసిషన్ 0.19, రీకాల్ 0.95. మోడల్ అదే, ఫోటోలు అవే. గీత జరిగింది, అంతే.

ఎఫ్-స్కోరు ఏది ఎంచుతుంది? 0.8 దగ్గర 0.63, 0.5 దగ్గర 0.53, 0.2 దగ్గర 0.32. అంటే 0.8. 90 పుచ్చులు డబ్బాలోకి పంపినదాన్ని మొదటి స్థానంలో నిలబెట్టింది.

ఇప్పుడు పావుకిలో ప్యాకెట్టు కొన్న మనిషి వైపు నుంచి చూడండి. W320 పావుకిలోలో దగ్గరదగ్గర 170 పప్పులుంటాయి. 0.8 గీతతో వదిలిన పప్పులు 9,850, వాటిలో పుచ్చులు 90. ప్యాకెట్టుకి ఒకటిన్నర. అంటే ఐదు ప్యాకెట్లలో దాదాపు నాలుగింటిలో కనీసం ఒకటి. 0.5 గీతతో 9,600 లో 40, నాలుగు ప్యాకెట్లకి మూడు పుచ్చులు. 0.2 గీతతో 9,000 లో 10, ఐదారు ప్యాకెట్లకి ఒక పుచ్చు. మంచిదని వదిలినవాటిలో పుచ్చెంత అన్న ఈ లెక్క ప్రెసిషన్లోనూ లేదు, రీకాల్లోనూ నేరుగా లేదు. కానీ కొనేవాడికి తెలిసేది ఇదొక్కటే. నా ఉద్దేశంలో ఏ రిపోర్టులోనైనా దీన్ని విడిగా రాయాలి.

అయితే మరి 0.2 పెట్టేద్దామా? ఆగండి. మోడల్ ఏరిన పప్పు ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా ప్రెసిషనా, రీకాలా అని ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

రెండు ఏర్పాట్లు ఊహించుకోండి. మొదటిది: మోడల్ పుచ్చన్నవి ఒక చిన్న బల్ల మీద పడతాయి, అక్కడ ఒకామె కూర్చుని చూస్తుంది, మంచివుంటే వెనక్కి వేస్తుంది. అప్పుడు ఉత్తినే ఏరిన మంచి పప్పు పోదు, ఒకసారి చూసే శ్రమ మాత్రం పడుతుంది. 10,000 చూడాల్సినచోట 1,000 చూస్తే సరిపోతోంది. ఇక్కడ రీకాల్ వైపు మొగ్గాలి. రెండో ఏర్పాటు: మోడల్ పుచ్చన్నదాన్ని గాలి గొట్టంతో ఊది నేరుగా తక్కువ ధర గుట్టలోకి పంపేస్తారు, మళ్లీ చూసేవాళ్లు లేరు. అప్పుడు 0.2 గీతతో 810 మంచి గుండు పప్పులు, అంటే కిలో రెండొందల గ్రాములు, పద్నాలుగున్నర కిలోలకి పోయినట్టే. 0.5 తో పోయేది 350 గ్రాములు. 0.8 తో 60 గ్రాములు. ఇక్కడ ప్రెసిషన్‌కి బరువు వస్తుంది. మోడల్ ఒకటే, పప్పు ఒకటే. మధ్యలో ఒక బల్ల ఉందా లేదా అన్నదే తేడా.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు పరీక్షల తీరు కూడా ఇలాగే అర్థం చేసుకోవచ్చు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని తేల్చాలంటే తేడా మూడు నెలలకి పైగా కనబడాలి. ఒక్క క్రియాటినిన్ రిపోర్టు చూసి తేల్చరు, మళ్లీ చేయిస్తారు. రెండో పరీక్ష ఉంది కాబట్టే మొదటి వడపోత రీకాల్ వైపు ఉండొచ్చు. ఉత్తినే పట్టుబడినవాళ్లు రెండోసారి బయటపడతారు, మొదటిసారే జారిపోయినవాళ్లు మళ్లీ చూపుకి రారు. సరే, మన పప్పుకి వద్దాం.

ఇప్పుడు పెద్దాయన చెప్పిన మాటని అంకె చేద్దాం. ఒక మంచి పప్పుని ఉత్తినే ఏరితే ఒక వంతు నష్టం అనుకోండి. ఒక పుచ్చు జారితే దానికి ఎన్ని రెట్లు? దాన్ని k అందాం. మొత్తం నష్టం FP + k·FN. 0.8 దగ్గర 40 + 90k. 0.5 దగ్గర 240 + 40k. 0.2 దగ్గర 810 + 10k. వీటిని జతలుగా సమానం చేసి చూడండి. మొదటి రెండూ k నాలుగైనప్పుడు సమానం. తరవాతి రెండూ k పందొమ్మిదైనప్పుడు సమానం. అంటే జారిన పుచ్చు నష్టం నాలుగు రెట్లకి లోపైతే 0.8 గీత, నాలుగు నుంచి పందొమ్మిది మధ్యైతే 0.5, పందొమ్మిది దాటితే 0.2.

ఎంత తేలికైందో చూశారా? k సరిగ్గా ఎంతో ఎవరూ చెప్పలేరు, నిజమే. కానీ "పుచ్చు జారడం ఇరవై రెట్ల కన్నా ఎక్కువ నష్టమా, కాదా" అని అడిగితే ఫ్యాక్టరీ యజమాని క్షణంలో చెబుతాడు. అంతకన్నా కచ్చితంగా తెలియక్కర్లేదు. ప్రెసిషన్ 0.19 ఒప్పుకుంటారా అని అడిగితే మాత్రం ఆయన మొహం చూస్తాడు.

ఎఫ్-స్కోరులోనే ఈ బరువు పెట్టే దారి కూడా ఉంది, ఎఫ్-బీటా. బీటా 2 పెడితే సూత్రం ఇలా మారుతుంది:

F2 = 5·TP / (5·TP + 4·FN + FP)

FN ముందు 4 చూడండి. బీటా 2 కి వర్గం 4. బీటా 2 అంటే జారిన పుచ్చుకి రెండు రెట్లు బరువు అనుకుంటారు చాలామంది, గళ్లలో చూస్తే నాలుగు రెట్లు. మన మూడు గీతలకి ఎఫ్-2: 0.58, 0.67, 0.53. ఇది 0.5 గీతని ఎంచింది. రీకాల్‌కి బరువివ్వాలని తెలుసు, నష్టం లెక్క చేతిలో లేదు అన్నప్పుడు ఎఫ్-2 వాడండి. నష్టం లెక్క దొరికినచోట మాత్రం నేరుగా నష్టమే లెక్కకట్టండి, నా సలహా అదే.

ఇక రిపోర్టుల్లో కనబడే ఒక పొరపాటు. పుచ్చుకి 0, మంచిదానికి 1 పెట్టారనుకోండి. `f1_score` పిలిస్తే అది 1 నే పాజిటివ్ అనుకుంటుంది. అప్పుడు మంచి పప్పుకి ఎఫ్-స్కోరు లెక్కకట్టి 0.986 ఇస్తుంది. అదే మోడల్! పుచ్చుకి 0.533, మంచిదానికి 0.986. రిపోర్టులో "ఎఫ్-స్కోరు 98.6 శాతం" అని రాసుకుని సంతోషిస్తారు. `classification_report` కింద వచ్చే weighted avg కూడా అలాంటిదే. అది పప్పుల సంఖ్యని బట్టి బరువులేస్తుంది, నూటికి 98 మంచివి కాబట్టి 0.98 చూపిస్తుంది. macro avg రెండింటికీ సమాన బరువిచ్చి 0.76 అంటుంది. ఇది కొంత నయం, అయినా పుచ్చు సంగతి సగమే చెబుతుంది. పుచ్చు వరసలో ఉన్న ప్రెసిషన్, రీకాల్, ఎఫ్-స్కోరు మూడూ చదవండి. ఎవరైనా ఎఫ్-స్కోరు చెబితే మొదటి ప్రశ్న: ఏ తరగతికి?

రెండో ప్రశ్న: ఏ సరుకు మీద? ఇది చాలామంది జారిపోయే చోటు, కాస్త నిదానంగా చెబుతాను. పుచ్చులు తక్కువగా ఉన్నాయని శిక్షణకి పుచ్చుల్నీ మంచివాటినీ సగం సగం పెడతారు. శిక్షణకి పెట్టుకోండి, తప్పు లేదు. పరీక్షకి కూడా అలాగే పెడితే ఏమౌతుంది? వెయ్యి పుచ్చులు, వెయ్యి మంచివి అనుకోండి. మన మోడల్ పుచ్చుల్లో 80 శాతం పడుతుంది, 800. మంచివాటిలో నూటికి రెండున్నరకి కాస్త లోపు ఉత్తినే ఏరుతుంది, వెయ్యికి 24. ప్రెసిషన్ 824 లో 800, అంటే 0.97! అదే మోడల్ బెల్టు మీద 0.40. మోడల్ అబద్ధమాడిందా? లేదు. మంచి పప్పులు వెయ్యి ఉన్నప్పుడు 24 తప్పులు, 9,800 ఉన్నప్పుడు 240 తప్పులు. పట్టిన పుచ్చులు ఆ 240 మధ్యలో కలిసిపోయాయి.

ఇంకా మంచి సరుకు వచ్చి రెండొందలకి ఒకటే పుచ్చుందనుకోండి. 10,000 లో 50. మోడల్ 40 పడుతుంది, ఉత్తినే ఏరేది 244. ప్రెసిషన్ 0.14 కి పడిపోయింది. రీకాల్ మాత్రం 0.80 దగ్గరే ఉంది. అంటే రీకాల్ ఒకే అడ్డవరసలో లెక్క, పుచ్చుల వరసలోనే. సరుకులో పుచ్చు శాతం మారినా అది కదలదు, పుచ్చు తీరు మారనంతవరకు. ప్రెసిషన్ రెండు అడ్డవరసల నుంచీ అంకెలు తీసుకుంటుంది, కాబట్టి సరుకుతోపాటు మారుతుంది. ఎఫ్-స్కోరులో ప్రెసిషన్ ఉంది కాబట్టి అదీ మారుతుంది. అందుకని ఒక ఊరి సరుకు మీద వచ్చిన ఎఫ్-స్కోరుని ఇంకో ఊరి సరుకు మీద వచ్చినదానితో పోల్చకండి. పరీక్ష సరుకులో పుచ్చు శాతం బెల్టు మీద వచ్చే శాతంలాగే ఉండాలి.

పరీక్షకి ఎన్ని పప్పులు చాలు? మొత్తం ఎన్ని అని అడగకండి, పుచ్చులెన్ని అని అడగండి. 200 పుచ్చుల్లో 160 పట్టాం, రీకాల్ 80 అన్నాం. నిజం 74 నుంచి 85 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదే 1,000 పప్పులతో పరీక్ష పెడితే పుచ్చులు 20 వస్తాయి, 16 పడితే అదీ 80 శాతమే, కానీ అసలుది 58 నుంచి 92 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 20 పుచ్చుల మీద రెండు మోడళ్లని పోల్చి ఒకటి 80, ఇంకోటి 85 కాబట్టి రెండోది మేలు అంటే ఆ తేడా ఒక్క పప్పుది.

(విద్యార్థిని ఒకరు: "సార్, గీత ఎక్కడ పెట్టాలో పరీక్ష పప్పుల మీదే చూసి నిర్ణయించొచ్చా?")

మంచి ప్రశ్నమ్మా. వద్దు. మూడు గుట్టలు చేసుకోండి. ఒకటి శిక్షణకి, ఒకటి గీత ఎంచడానికి, మూడోది చివరి లెక్కకి. మూడోదాన్ని చూసి గీత జరిపితే ఆ గుట్టకి నప్పే గీత దొరుకుతుంది, రేపటి సరుకుకి నప్పకపోవచ్చు. అలాగే ఒకే పప్పుని రెండువైపులా ఫోటో తీస్తే ఆ రెండు ఫోటోలూ ఒకే గుట్టలో ఉండాలి. ఒకటి శిక్షణలో, ఒకటి పరీక్షలో పడితే మోడల్ ముందే చూసిన పప్పు మీద పరీక్ష రాసినట్టు.

(పలాస నుంచి వచ్చినవారు: "మెషీను పెట్టీసిన తరవాత అది సరిగ్గా చేస్తుందో లేదో రోజూ ఎలగ తెలుస్తాదండి?")

ఇక్కడే ఒక చిక్కుంది. ప్రెసిషన్ తెలుసుకోవడం తేలిక. ఏరినవి బల్ల మీదే ఉన్నాయి, ఆమె చూస్తూనే ఉంది, ఎన్ని వెనక్కి వేసిందో లెక్కపెడితే చాలు. రీకాల్ అలా కనబడదు. జారిన పుచ్చులు మంచి డబ్బాలో ఉన్నాయి, ఆ డబ్బా ఎవరూ చూడరు. అందుకే ఫ్యాక్టరీలో అందరూ ప్రెసిషన్ గురించే ఫిర్యాదు చేస్తారు, "ఈ మెషీను మంచివే ఏరుతోంది" అని. వాళ్ల మాట విని గీత పైకి జరుపుతారు. బల్ల దగ్గర పని తగ్గుతుంది, పుచ్చులు నిశ్శబ్దంగా డబ్బాలోకి పోతాయి.

దానికి చేయాల్సింది ఇది. మంచివని వదిలిన పప్పులోంచి రోజూ 2,000, అంటే మూడు కిలోలకి కాస్త లోపు, అక్కడక్కడా తీసి చేత్తో చూడండి. ఒకేచోట తీయకండి, పొద్దున్న కాస్త, మధ్యాహ్నం కాస్త, సాయంత్రం కాస్త. అందులో 8 పుచ్చులు దొరికాయనుకుందాం. వెయ్యికి నాలుగు. వదిలినవి 9,600 అయితే జారినవి సుమారు 38. పట్టినవి 160. రీకాల్ 198 లో 160, అంటే 81 శాతం. ఒక్కరోజు లెక్క అటూ ఇటూ ఊగుతుంది, ఎనిమిదికి బదులు ఐదో పన్నెండో వచ్చినా కంగారు పడకండి. వారం రోజులవి కలిపి చూడండి. వారం మీద కూడా రెట్టింపు కనబడితే మోడల్‌ని అనేముందు లైటు కింద దుమ్ము పట్టిందేమో, కెమెరా అద్దం తుడిచారో లేదో చూడండి. అవి బాగుంటే ఆ వారం జారిన పుచ్చుల్ని ఒక ట్రేలో పోసి చూడండి. శిక్షణకి పెట్టిన పుచ్చుల్లో లేని రకం మచ్చ ఏదైనా ఉంటే అక్కడే కనబడుతుంది.

బల్ల దగ్గర కూర్చున్నామె సంగతి కూడా ఒకటి. 0.2 గీతతో ఆమె ముందుకొచ్చే ప్రతి ఐదింట్లో నాలుగు మంచివే. గంటలు గడిచేకొద్దీ చెయ్యి అలవాటుగా వెనక్కి వేసేస్తుంది, పుచ్చుని కూడా. మోడల్ రీకాల్ 95 అయినా ఆమె పదింట్లో ఒకటి వదిలితే డబ్బా దాకా నిలిచే రీకాల్ 85.5 శాతం. అందుకే ఆ బల్ల దగ్గర మనుషుల్ని గంటకోసారి మార్చండి. ఆమె వెనక్కి వేసిన పప్పులోంచి కూడా రోజూ 200 తీసి చూడండి.